‘ఏమొకో చిగురుటధరమున’: చివర ఉన్న ‘కాదు గదా’ అవునంటుందా, కాదంటుందా?

పొద్దుతిరుగుడు: అన్నమయ్య ‘ఏమొకో చిగురుటధరమున యెడనెడఁ గస్తురి నిండెను, భామిని విభునకు వ్రాసిన పత్రిక కాదు గదా’ అనే కీర్తన గురించి రెండు సందేహాలు. ‘చిగురుట’ అంటే చిగురించడమేనా? ప్రతి చరణం ‘కాదు గదా’ అని ముగుస్తోంది. అంటే చెలికత్తె ‘ఇది ఉత్తరం కాదులే’ అని కొట్టిపారేస్తోందా?

కొసమెరుపు: మొదటిదానికి అవును. చదువుట, వినుట లాగే చిగురుట. చిగురిస్తున్న పెదవి అన్నమాట. రెండోదాని గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ఇదంతా జీవాత్మ పరమాత్మల సంకేతం, కాబట్టి మాటల అర్థం పట్టుకుని వేలాడితే అసలు విషయం జారిపోతుంది.

పాతపుటలు: మాటలు పట్టుకోకపోతేనే జారిపోతుందండీ. ‘చిగురుట’ ఇక్కడ క్రియ కాదు. చిగురు, అధరము అనే రెండు నామవాచకాలు కలిసేటప్పుడు మధ్యలో ‘ట్’ వచ్చి చేరింది. చిగురాకు అనీ అంటాం, చిగురుటాకు అనీ అంటాం. పొదరిల్లు, పొదరుటిల్లు కూడా అంతే. కాబట్టి అది చిగురులాంటి పెదవి.

ఇది వ్యాకరణంతో తేలిపోయే ముచ్చట కూడా కాదు. పెదవి చిగురాకు అయితేనే పల్లవిలో తరువాతి మాట అతుకుతుంది. పత్రం అంటే ఆకు, పత్రిక అంటే ఉత్తరం. ఎర్రటి లేతాకు మీద అక్కడక్కడా నల్లటి కస్తూరి మచ్చలు కనిపించాయి. ఆకు మీద సిరాతో రాసినట్టుందే, మగడికి రాసిన ఉత్తరమేమో అని చెలికత్తె ఊహ. ‘చిగురించడం’ అని చదివితే ఆకూ పోతుంది, ఉత్తరమూ పోతుంది. ‘యెడనెడ’ను కూడా వదలకండి. పెదవి అంతా పూసుకున్నట్టు నల్లగా ఉంటే అది అలంకారం అయ్యేది. ఎడమెడంగా ఉంది కనుకే అక్షరాల్లా కనిపించింది.

పొద్దుతిరుగుడు: మరి కాదు గదా?

పాతపుటలు: వాడుకలో చూడండి. ‘ఈ గొడుగు నీది కాదు గదా, ఎందుకు తీశావు?’ అంటే అడిగేవాడికి అది నీది కాదని తెలుసు. చీకట్లో ఏదో మెదిలితే ‘అమ్మో, పాము కాదు గదా!’ అంటాం. అక్కడ అనుమానమంతా పామే అని. ఈ రెంటినీ విడదీసేది ముందున్న మాట. ‘ఏమిటది?’ అనే ప్రశ్న ముందుంటే రెండో అర్థమే వస్తుంది. ఈ పాటలో పల్లవికి ‘ఏమొకో’ ఉంది, మూడు చరణాల్లోనూ ‘ఏమో’ ఉంది. కాబట్టి కొట్టిపారేయడం లేదు, ‘కొంపదీసి ఇదేనా’ అని మెల్లగా బయటపెడుతోంది.

అలాగే మొదటి చరణంలో ‘చింతింపరె చెలులు’ అంటే బాధపడమని కాదు, ఆలోచించరే అని. ఇప్పటి ‘చింత’ను తెచ్చి అక్కడ పెడితే చెలికత్తెలంతా కూర్చుని ఏడుస్తున్నట్టు అవుతుంది.

శ్రుతిపెట్టె: రాగం గురించైతే, కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరే ఉంటుంది, స్వరం ఉండదు. ఇప్పుడు పాడుతున్న వరసలన్నీ తరువాత కట్టినవే. నాకో సమస్య ఉంది. బడి పోటీకి ఎనిమిదో తరగతి పిల్లలకి ఈ పాట నేర్పుతున్నాను. చనుఁగవ, నఖశశిరేఖలు అంటూ రొమ్ముల మాట, గోటి గుర్తుల మాట ఉన్న రెండో చరణం తీసేస్తే నష్టమా?

పాతపుటలు: రాగం గురించి ఎవరూ అడగలేదు గానీ, మీ ప్రశ్న మంచిది. చరణాలు ఒక వరసలో నడుస్తాయి, మధ్యది తీస్తే మెట్టు విరుగుతుంది.

మొదటి చరణంలో ఆమె కనుకొనలు ఎర్రబడ్డాయి. చెలికత్తె ఊహ: ‘ప్రాణేశ్వరుపై నాటిన యా కొనచూపులు నిలువునఁ బెరుకఁగ నంటిన నెత్తురు కాదు గదా’. చూపులు బాణాల్లా అతని ఒంట్లో దిగాయి, పెరికితే నెత్తురు అంటుకొచ్చింది. ఆ నెత్తురు ఆమెది కాదు, అతనిది. చాలామంది ఏడ్చి కళ్లు ఎర్రబడ్డాయని చెబుతారు, పాటలో ఏడుపు లేదు. రాత్రి నిద్ర లేదన్నది మనం తెలుసుకోవాలి, చెలికత్తె ఆ మాట అనదు. ఇది పూర్తిగా కల్పన, ఎవరి కంటికీ నెత్తురు అంటలేదు.

రెండో చరణంలో పయ్యెద దాటి మెరుపు కనిపిస్తోంది. ప్రియుడు నొక్కిన గోటి గుర్తులు నెలవంకలట, వాటి నుంచి వేసవి వెన్నెల బయటికి వస్తోందట. వెన్నెల కల్పనే, గోటి గుర్తులు మాత్రం నిజం. అంటే సగం బయటపడింది.

మూడో చరణంలో చెక్కిళ్ల పక్కన ముత్యాల జల్లు. ఈసారి ఊహ తిరగబడింది. ‘సురతపుఁ జెమటల అందము కాదు గదా’ అంటోంది. ముత్యాలే పోలిక, కలయికలో పట్టిన చెమటే నిజం. కల్పనతో మొదలుపెట్టి చివరికి ఉన్నమాట అనేసింది. ‘కాదు గదా’ అదే, పని మాత్రం మారిపోయింది.

ఇంకోటి చూడండి. పల్లవిలో అతడు విభుడు. తరువాత ప్రాణేశ్వరుడు, ఆ తరువాత ప్రియుడు. ఏ ఇంటి మగడైనా కావచ్చు. ‘గద్దరి తిరువేంకటపతి’ అని దేవుడి పేరు వచ్చేది ఆ చెమట చరణంలోనే. కవి సంతకంలా పెట్టుకునే ఇలాంటి పేరు, అంటే ముద్ర, చివర రావడం కీర్తనల్లో మామూలే, కాదనను. కానీ ఒంటి మాట ఎక్కడ ముసుగు తీసిందో అక్కడే దేవుడి మాటా ముసుగు తీసింది. అందుకే శృంగారాన్ని తొక్కలా ఒలిచి లోపల భక్తి వెతకడం ఈ పాటలో కుదరదు.

పిల్లలకైతే వేరే కీర్తన ఎంచుకోండి. రెండోది తీసేసి మూడోది ఉంచితే మీకు కలిసొచ్చేదీ లేదు, ‘సురతపు’ మాట అక్కడే ఉంది.

కొసమెరుపు: చిగురుట విషయంలో నేను తప్పే. కానీ సంకేతం మాట పూర్తిగా వదలను. తమిళ వైష్ణవ భక్తకవులైన ఆళ్వార్ల పాశురాల్లో భక్తుడే నాయిక అయి విరహపడతాడు. తాళ్లపాక వారిదీ ఆ వైష్ణవ సంప్రదాయమే.

పాతపుటలు: సంప్రదాయం అదే, ఒప్పుకుంటాను. ఈ పాటలో మాత్రం ‘నేను’ అనే నాయిక లేదు. మాట్లాడేది పక్కన నిలబడి చూస్తున్న చెలికత్తె. జీవాత్మ ఆ భామిని అంటే కవి ఎక్కడున్నాడు? కవి చెలికత్తె అయితే భామిని అలమేలుమంగ అవుతుంది, అప్పుడు సంకేతం మీరన్న దారిలో నడవదు. మంగ పేరు పాటలో లేదు కనుక అదే ఖాయమని నేనూ అనను.

పొద్దుతిరుగుడు: ఒకటి తేడాగా ఉంది. ఉత్తరం రాసేది దూరంగా ఉన్నవాళ్లు కదా. చరణాలన్నీ కలిసిన గుర్తులు. మరి పల్లవిలో ఉత్తరమెందుకు?

పాతపుటలు: బాగా పట్టారు. ప్రతి చరణం తరువాత పల్లవి తిరిగి వస్తుందని గుర్తుపెట్టుకుని పాడి చూడండి. మొదటిసారి వింటే ఎడబాటులో రాసిన ఉత్తరం. మూడో చరణం తరువాత వింటే ఆ కస్తూరి సిరా కాదని తెలిసిపోతుంది. స్వామి కస్తూరి తిలకం పెదవికి అంటిందని నా చదువు.

శ్రుతిపెట్టె: తిలకం నుదుట ఉంటుంది కదండీ, పెదవికి ఎలా?

పాతపుటలు: ఆమె ముద్దు పెట్టింది నుదుటి మీద అనుకుంటే అంటుతుంది. లేదా ఆమె చెక్కిలి మీద కస్తూరితో దిద్దిన బొమ్మ, మకరికాపత్రం, చెదిరి ఉండొచ్చు. పాట చెప్పలేదు.

కొసమెరుపు: మకరికాపత్రం! అందులోనూ పత్రం ఉందిగా.