ఎకనామిక్స్ బిట్లలో ‘ఎల్లప్పుడూ’ కనిపిస్తే కొట్టేయాలా?

ఎం.ఏ. రెండో ఏడాది, తిరుపతి

అక్కా, లెక్చరర్ పోస్టుల పరీక్షకు చదువుతున్నాను. ‘ఎల్లప్పుడూ’, ‘తప్పనిసరిగా’, ‘అన్నీ’ లాంటి మాటలున్న ఆప్షన్లను ముందే కొట్టేసి, మిగిలిన రెండింటిలో ఒకటి పెట్టమని కోచింగులో చెబుతున్నారు. తప్పుకు మూడో వంతు కోత ఉన్నా, సగం అవకాశం ఉంటే లాభమేనట. మాక్ టెస్టుల్లో పాలిటీ వరకు బాగానే ఉంది. ఎకనామిక్స్‌లో మాత్రం మార్కులు పోతున్నాయి. ఎందుకు?

పుత్తూరు లెక్చరర్

తమ్ముడూ, ఈ బిట్టు చూడు. నేనే తయారుచేశాను, కానీ ఇలాంటివి పేపర్లలో మామూలే.

స్వల్పకాలిక వ్యయాల గురించి సరైన వాక్యం ఏది?
1. ఉపాంత వ్యయం పెరుగుతున్నప్పుడు సగటు వ్యయం తప్పనిసరిగా పెరుగుతుంది.
2. ఉపాంత వ్యయం సగటు వ్యయం కంటే తక్కువగా ఉన్నంతవరకు సగటు వ్యయం ఎల్లప్పుడూ తగ్గుతుంది.
3. సగటు స్థిర వ్యయం కొంత ఉత్పత్తి తర్వాత సాధారణంగా పెరుగుతుంది.
4. మొత్తం స్థిర వ్యయం ఉత్పత్తిని బట్టి కొంతమేరకు మారవచ్చు.

మీ కోచింగు సూత్రం ప్రకారం 1, 2 పోతాయి. మెత్తగా మాట్లాడే 3, 4 మిగులుతాయి. సగం అవకాశం ఉందనుకుని ఒకటి పెడతావు. నిజానికి నీకున్న అవకాశం సున్నా, ఎందుకంటే జవాబు 2. స్థిర వ్యయం ఉత్పత్తిని బట్టి మారితే అది స్థిర వ్యయమే కాదు. మారని మొత్తాన్ని పెరిగే ఉత్పత్తితో భాగిస్తూ పోతే సగటు తగ్గడం తప్ప వేరే దారి లేదు. 3, 4 లలో ఉన్న ‘సాధారణంగా’, ‘కొంతమేరకు’ అనే మాటలు ముసుగులు మాత్రమే.

అసలు పోటీ ఒకేలా గట్టిగా మాట్లాడే 1, 2 ల మధ్యే. బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు యూనిట్ ఉందనుకో. అంకెలు నావి. స్థిర వ్యయం 100. టన్ను టన్నుకూ అదనంగా అయ్యే ఖర్చు, అంటే ఉపాంత వ్యయం, వరుసగా 50, 40, 30, 40, 60, 90. మూడు టన్నులకు మొత్తం 220, అంటే సగటు 73 పైచిలుకు. నాలుగో టన్నుకు ఉపాంత వ్యయం 30 నుంచి 40కి పెరిగింది. సగటు మాత్రం 260ని నాలుగుతో భాగిస్తే 65కు దిగింది. ఐదో టన్నుకు ఉపాంత వ్యయం 60కి ఎగబాకినా సగటు 64కు తగ్గింది, ఎందుకంటే 60 ఇంకా 65 కంటే తక్కువే. ఆరో టన్ను 90 అయినప్పుడు గానీ సగటు పెరగడం మొదలుపెట్టలేదు, అప్పుడది 68 దాటింది. ఉపాంతం పెరుగుతోందా తగ్గుతోందా అన్నది సగటుకు అక్కర్లేదు. తనకంటే కింద ఉందా, పైన ఉందా అన్నదే దానికి కావాలి. అందుకే ఒకటో వాక్యంలో ‘తప్పనిసరిగా’ అబద్ధం, రెండో దానిలో ‘ఎల్లప్పుడూ’ నిజం.

కాబట్టి గట్టి మాట కనిపించగానే కొట్టేయకు. ఆ వాక్యం లెక్క నుంచి పుట్టిందా, మనుషుల నడవడి నుంచి పుట్టిందా అని అడుగు. నిర్వచనం నుంచి, కూడిక తీసివేతల నుంచి వచ్చినదైతే ‘ఎల్లప్పుడూ’ దానికి సహజం. ప్రాథమిక లోటు ద్రవ్యలోటును ఎప్పటికీ మించదు. ద్రవ్యలోటు నుంచి వడ్డీ చెల్లింపులు తీసేస్తేనే కదా అది వచ్చేది! ‘ధర తగ్గితే ప్రజలు ఎల్లప్పుడూ ఎక్కువ కొంటారు’ అన్నది నడవడి గురించిన మాట. అక్కడ మీ సూత్రం పనికొస్తుంది.

చిత్తూరు సచివాలయ ఉద్యోగి

మేడమ్, నేను ఆ సూత్రంతోనే ఉద్యోగం కొట్టాను. మీరు మరీ తీసిపారేస్తున్నారు. ‘భారతదేశంలో కరెన్సీ నోట్లన్నింటినీ రిజర్వ్ బ్యాంకే జారీ చేస్తుంది’ అని ఒక ఆప్షన్ ఉంటుంది. ‘అన్నింటినీ’ చూడగానే కొట్టేశాను, సరిపోయింది. రూపాయి నోటు కేంద్ర ప్రభుత్వానిదని నాకు అప్పుడు తెలియనే తెలియదు. తెలియనప్పుడు పనికిరావడానికే కదా ఈ చిట్కాలు?

పుత్తూరు లెక్చరర్

మీరన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. రాజ్యాంగం, చట్టాలు, సంస్థల విషయంలో మినహాయింపులు చాలా ఉంటాయి. అక్కడ ‘అన్నీ’ అనే వాక్యం తరచుగా పడిపోతుంది. ఈ కుర్రాడికి పాలిటీలో మార్కులు రావడానికి అదే కారణం కావచ్చు. కానీ మిమ్మల్ని గట్టెక్కించింది రూపాయి నోటు, ‘అన్నింటినీ’ అనే మాట కాదు. ‘గిఫెన్ వస్తువులన్నీ నాసిరకపు వస్తువులే’ అన్నది వస్తే అదే చేత్తో కొట్టేస్తారు. అది నూటికి నూరుపాళ్లు నిజం. దాన్ని తిరగేసి ‘నాసిరకపు వస్తువులన్నీ గిఫెన్ వస్తువులే’ అంటే అబద్ధం. రెండింటిలోనూ అదే ‘అన్నీ’ ఉంది. పేపరు తయారుచేసేవాళ్లు ఈ జంటను పక్కపక్కనే పెడతారు.

పీలేరు లెక్కల మాస్టారు

కోత సంగతి ఎవరూ సరిగా చెప్పలేదు. మార్కుకు మూడో వంతు కోత, నాలుగు ఆప్షన్లు అనుకుందాం. కళ్లు మూసుకుని పెడితే సగటున సున్నా. ఒక్కటి సరిగ్గా కొట్టేస్తే ప్రశ్నకు తొమ్మిదో వంతు లాభం, రెండు కొట్టేస్తే మూడో వంతు. ఇక్కడ ‘సరిగ్గా’ అన్న మాటను అందరూ మింగేస్తారు.

ఇలాంటి సందేహం ప్రశ్నలు 24 ఉన్నాయనుకోండి. ప్రతిదాంట్లో రెండేసి కొట్టేశారు. మిగిలిన జంటలో సరైన జవాబు ప్రతిసారీ ఉంటే 12 ఒప్పు, 12 తప్పు. నాలుగు కోతకు పోయి 8 మార్కులు చేతికొస్తాయి. సగం ప్రశ్నల్లోనే ఉంటే 6 ఒప్పు, 18 తప్పు, మిగిలేది సున్నా. ఆరు ప్రశ్నల్లోనే ఉంటే 3 ఒప్పు, 21 తప్పు, అంటే మైనస్ 4. చూడకుండా రెండు కొట్టేసినా జవాబు సగం సార్లు మిగులుతుంది. మీ చిట్కా అంతకంటే మెరుగ్గా పనిచేయకపోతే దానికి విలువ లేదు. అంతకంటే హీనంగా ఉంటే జేబుకు చిల్లు. ఈ కుర్రాడి ఎకనామిక్స్‌లో జరుగుతున్నది అదేనని నా అనుమానం.

బాబూ, మాక్ పేపర్లు ముందేసుకుని ఒక పని చెయ్యి. తప్పులు లెక్కపెట్టకు. నువ్వు కొట్టేసిన ఆప్షన్లలో సరైన జవాబు ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టు. రెండేసి కొట్టేసిన చోట సగానికి చేరినా, ఒక్కటే కొట్టేసిన చోట నాలుగో వంతుకు చేరినా, నీ గీతలు గుడ్డిగీతలే.

శ్రీకాళహస్తి

మాస్టారూ, నేను నెట్‌కు కూర్చుంటున్నాను. సందేహం ఉన్నవి వదిలేయడమే మేలంటారా? పోయినసారి పది దాకా వదిలేశాను.

పీలేరు లెక్కల మాస్టారు

అమ్మా, యూజీసీ నెట్‌లో కోతే లేదు. ఒక్కటి కూడా వదలకూడదు. పైన చెప్పినదంతా కోత ఉన్న పరీక్షల గురించి. కోత ఎంత అన్నది కూడా చూసుకోవాలి. సరైనదానికి 4, తప్పుకు 1 పోయే పరీక్షలో, ఆప్షన్లు నాలుగే అయితే, గుడ్డిగా పెట్టినా సగటున పావు మార్కు మిగులుతుంది.

ఎం.ఏ. రెండో ఏడాది, తిరుపతి

నిన్న యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చుని లెక్కపెట్టాను మాస్టారూ. వ్యయాలు, జాతీయాదాయం చాప్టర్లలో నేను కొట్టేసినవాటిలోనే జవాబు సగానికి మించి ఉంది! ఇంకో సందేహం. ‘1, 2 మాత్రమే’, ‘2, 3 మాత్రమే’ అని ఆప్షన్లు వస్తాయి కదా, అన్నింట్లోనూ ‘మాత్రమే’ ఉంటే ఏది కొట్టాలి?

పుత్తూరు లెక్చరర్

ఆ ‘మాత్రమే’ను ఆప్షన్ నంబరులాగానే చూడు. దానికి ఆర్థికశాస్త్రంతో సంబంధం లేదు. అక్కడ ఒక్కో వాక్యాన్ని విడిగా తూచాలి. ఒకటో వాక్యం తప్పని ఖాయంగా తెలిస్తే అది ఉన్న ఆప్షన్లన్నీ ఒక్క దెబ్బకు పోతాయి, ఇది నిజమైన ఎలిమినేషన్. అందుకే 2023 సివిల్స్ ప్రిలిమ్స్‌లో ఎన్ని వాక్యాలు సరైనవని అడిగి ‘ఒకటి మాత్రమే, రెండు మాత్రమే, మూడూ, ఏదీ కాదు’ అనే తరహా ఎక్కువగా ఇచ్చి చాలామందిని ఇబ్బంది పెట్టారు. ఒక వాక్యం తప్పని తెలిసినా ‘మూడూ’ తప్ప ఇంకేదీ పోదు.

ప్రశ్న మొదట్లో షరతు ఉందేమో కూడా చూడు. ‘సంపూర్ణ పోటీలో’ అని మొదలైతే ‘దీర్ఘకాలంలో సంస్థకు సాధారణ లాభాలే వస్తాయి’ అన్నది కొట్టేయదగ్గది కాదు. ఆ నమూనాలో అది నిజమే. షరతు లేకుండా అదే వాక్యం వస్తే నిలబడదు.

చిత్తూరు సచివాలయ ఉద్యోగి

లెక్కలు బాగున్నాయి. కానీ మాస్టారూ, కటాఫ్ దగ్గర ఊగుతున్నవాడికి సగటు లాభంతో పనేమిటి? వాడు రాసేది ఒక్క పరీక్ష. నేనైతే ఒక్క ఆప్షన్ మాత్రమే కొట్టేయగలిగితే ఆ ప్రశ్నను వదిలేస్తాను.

పీలేరు లెక్కల మాస్టారు

అదే 24 ప్రశ్నల్లో ఒక్కొక్కటి సరిగ్గా కొట్టేసి, మిగిలిన మూడింటిలో గుడ్డిగా పెడితే, చివరికి మైనస్‌లో పడే అవకాశం దాదాపు ఏడింట ఒకసారి. రెండేసి సరిగ్గా కొట్టేస్తే మూడు వందలకు ఒకసారి. ఆ ఏడో వంతు భయం న్యాయమైనదే. కటాఫ్ దాటేశానన్న ధీమా ఉన్నవాడు వదిలేయవచ్చు. రెండు మార్కులు తక్కువపడతాయనుకునేవాడు వదిలేస్తే ఉన్న దారి మూసుకున్నట్టే. ఎవరు ఎక్కడున్నారో హాల్లో కూర్చున్నవాడికి కచ్చితంగా ఎలా తెలుస్తుంది? ఇక్కడ నా దగ్గర సూత్రం లేదు.

ఎం.ఏ. రెండో ఏడాది, తిరుపతి

అక్కా, చివరగా ఒకటి. ‘కనీస వేతనం పెంచితే నిరుద్యోగం తప్పనిసరిగా పెరుగుతుంది’. మా కీలో ఇదే సరైన జవాబు. ఇది నడవడి గురించిన మాట కదా, కొట్టేయాల్సింది కాదా?

పుత్తూరు లెక్చరర్

పోటీ ఉన్న శ్రామిక మార్కెట్, సమతౌల్యం కంటే ఎక్కువ వేతనం అని ప్రశ్నలో ఉంటే కీ సరైనదే. గీతలు గీస్తే శ్రామికుల సప్లై డిమాండును మించిపోవడం కనబడుతుంది. ఆ షరతు లేకపోతే నేను ఒప్పుకోను. ఊళ్లో పని ఇచ్చేవాడు ఒక్కడే అయినప్పుడు, ఒక హద్దు వరకు వేతనం పెంచితే ఉపాధి కూడా పెరగవచ్చని అదే పుస్తకంలో మరో చాప్టరు చెబుతుంది. ప్రశ్న మొత్తం ఇక్కడ పెట్టు, మిగతా మూడు ఆప్షన్లు చూడకుండా నేను దేన్నీ కొట్టను.

చిత్తూరు సచివాలయ ఉద్యోగి

కీలో ఉన్నదే మార్కు తెస్తుంది మేడమ్. నేనైతే అదే పెడతాను.