ఫాస్టింగ్‌లో బ్లాక్ కాఫీ: ఉపవాసం చెడినట్టా, కాదా?

సుజాత, ఆమదాలవలస: రాత్రి 8కి తినడం ఆపేసి మర్నాడు 12 దాకా ఏమీ తినను. పొద్దున్న ఆరింటికోసారి, తొమ్మిదిన్నరకోసారి బ్లాక్ కాఫీ తాగుతాను. కాఫీ పడితే ఉపవాసం చెడినట్టేనని మావారంటారు. 82 కిలోలుండేదాన్ని. మొదటి రెండు వారాల్లో రెండున్నర కిలోలు తగ్గాను, నెలన్నరగా ముల్లు కదలట్లేదు. తప్పు కాఫీదేనా?

వెంకట్, రాజాం: కాఫీ మానకండి, అదే కొవ్వు కరిగిస్తుంది. పదహారు గంటలు దాటగానే ఆటోఫజీ, అంటే కణాలు తమలోని పాత భాగాల్ని తామే అరిగించుకోవడం, మొదలై ఒంట్లో చెత్తంతా శుభ్రమైపోతుంది. దానికి 2016లో నోబెల్ కూడా వచ్చింది. నేను ఇలాగే ఆరు కిలోలు తగ్గాను.

పార్వతమ్మ, బొబ్బిలి: ఏకాదశి నాడు మా అత్తగారు కాఫీ ముట్టనిచ్చేవారు కాదమ్మా. పాలు, పళ్లు పరవాలేదు. అన్నం మెతుకు తగిలితేనే ఉపవాసం చెడినట్టు.

రవి, విజయనగరం: పార్వతమ్మగారూ, ఇక్కడ లెక్క తిరగబడింది. పాలు పడితేనే చెడుతుంది. ఉత్త నీళ్లలో కలిపిన కాఫీ గ్లాసుకి ఐదు కేలరీలు కూడా ఉండవు, బరువు విషయంలో అది లెక్కలోకి రాదు. అయితే నేను ల్యాబ్‌లో పని చేస్తాను. ఫాస్టింగ్ షుగర్‌కి వచ్చేవాళ్లు 'బ్లాక్ కాఫీయే కదా' అంటే వెనక్కి పంపేస్తాం. కెఫీన్ షుగర్ రీడింగ్‌ని మార్చగలదు కాబట్టి అక్కడ మంచినీళ్లు తప్ప ఏదీ కుదరదు. ఉపవాసం దేనికోసమో తేలితే, ఏది చెడగొడుతుందో అదే తేలుతుంది.

సుజాతగారూ, మీ కాఫీ ఎలా కలుపుతారో, సాయంత్రం ఏం తింటారో ఉన్నదున్నట్టు చెప్పండి.

సుజాత: పంచదార వేయను. చేదు పోవడానికి చెంచాడు బెల్లం, రంగు మారేటంత గేదె పాలు, రెండు పెద్ద చెంచాలు. సాయంత్రం వంట చేస్తూ పిడికెడు జీడిపప్పు. పలాసలో మా ఆడపడుచుంది, డబ్బా ఖాళీ అవ్వనివ్వదు.

రవి: మరి అది బ్లాక్ కాఫీ ఎలా అయిందండీ! చెంచాడు బెల్లానికి 20, ఆ పాలకి 30 వేసుకోండి. రెండు గ్లాసులకి వంద. అయినా అసలు దొంగ కాఫీ కాదనుకుంటున్నాను. వంటింటి త్రాసు ఉంటే ఆ పిడికెడు ఓసారి తూచండి.

సుజాత: తూచాను. 48 గ్రాములు. నిజం చెప్పాలంటే రెండుసార్లు తింటాను.

రవి: 48 గ్రాములంటే సుమారు 270 కేలరీలు, రెండుసార్లకి 540. మీరు మానేసిన టిఫిన్ మూడిడ్లీలూ కొబ్బరి చట్నీ అయితే దాదాపు 250. అంటే పొద్దున్న మిగిల్చినదానికి రెట్టింపు సాయంత్రం తినేస్తున్నారు. మొదట తగ్గిన దాంట్లో చాలావరకు నీరే అయ్యుంటుంది. తిండి తగ్గితే ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థంతో పాటు అది పట్టి ఉంచిన నీరూ పోతుంది.

వెంకట్‌గారూ, ఆ నోబెల్ పరిశోధన జరిగింది ఈస్ట్ కణాల మీద. మనుషుల్లో ఆటోఫజీ ఏ గంటకి మొదలవుతుందో చెప్పే రక్తపరీక్ష మా ల్యాబ్‌లోనే కాదు, మామూలుగా ఎక్కడా చేయరు. కాఫీ ఇస్తే ఎలుకల్లో అది పెరిగిందని ఓ ప్రయోగం ఉంది, మన సంగతి ఇంకా తేలలేదు. బరువు మాటకొస్తే, 2020లో అమెరికాలో 116 మందిని 12 వారాలు చూశారు. మధ్యాహ్నం 12 నుంచి 8 దాకానే తిన్నవాళ్లు కిలో లోపే తగ్గారు. మూడు పూటలా తిన్నవాళ్లూ ఇంచుమించు అంతే.

వెంకట్: మరి నా ఆరు కిలోలో?

రవి: అప్పుడు మానేసినవేమిటి?

వెంకట్: రాత్రి పదింటికి తినే మిరపకాయ బజ్జీలు, కూల్‌డ్రింకు... సరే, అర్థమైంది. కానీ గడియారం పెట్టుకోకపోతే నేను వాటిని మానేవాణ్ణి కాదు.

రవి: అది ఒప్పుకుంటాను. కొందరికి కేలరీలు లెక్కపెట్టడం కంటే వంటింటికి తాళం వేయడమే సులువు.

శ్రీను, నరసన్నపేట: నాకు షుగరుంది. పొద్దున్న గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని బ్లాక్ కాఫీ తాగి ఊరుకున్నాను. పదకొండింటికి చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. కాఫీ ఎక్కువైందనుకున్నాను. మా అబ్బాయి మిషన్‌తో చూస్తే 58!

రవి: శ్రీనుగారూ, ఆ మాత్ర మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని బయటికి నెడుతుంది. కాఫీ దడకీ షుగర్ పడిపోయిన వణుకుకీ తేడా ఒంటికి తెలియదు, మిషన్‌కే తెలుస్తుంది. 70 కంటే తక్కువ చూపిస్తే ఆ పూట ఉపవాసం వదిలేసి వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగాలి, పావుగంటకి మళ్లీ చూసుకోవాలి. డాక్టరు మాత్ర మోతాదు మార్చకుండా ఈ ఫాస్టింగ్ మీకు వద్దు.

సుజాత: బెల్లం, పాలు మానేశాను. చేదుకి నాలుగు రోజుల్లో అలవాటు పడ్డాను గానీ ఖాళీ కడుపున తాగితే గుండెల్లో మంటగా ఉంది. తొమ్మిదిన్నర గ్లాసు తీసేస్తాను. జీడిపప్పు డబ్బా అటకెక్కించాను. మావారు మాత్రం ఉపవాసం చెడిందనే అంటున్నారు.

పార్వతమ్మ: ఏకాదశి నాడైతే ఆ జీడిపప్పు తినొచ్చమ్మా.