3000 కెల్విన్ బల్బు పెట్టాక అబ్బాయి చదవలేకపోతున్నాడు

కృష్ణాతీరం: రాత్రి నిద్ర పట్టడం లేదని మా గదిలోని 6500 కెల్విన్ తెల్ల బల్బు తీసి 3000 కెల్విన్ పసుపు బల్బు పెట్టాను. అప్పటి నుంచి అక్షరాలు మసకగా ఉన్నాయంటూ అబ్బాయి పుస్తకం మూసేస్తున్నాడు. సాయంత్రమంతా మూడు దుకాణాలు తిరిగినా తలా ఒక మాట చెప్పారు. దయచేసి ఏ రంగు కొనాలో చెప్పండి.

పాతట్యూబులైటు: వాట్లు చెప్పలేదు.

నల్లరేగడి: చదువుకు పసుపు వెలుగు పనికిరాదు, కళ్లు చెడిపోతాయి. అసలు 3000ను వార్మ్ అనడమే తప్పు. కెల్విన్లు ఎక్కువైతే వేడి ఎక్కువ కాబట్టి 6500నే వార్మ్ అనాలి.

కొలిమి: ఆ అంకె బల్బు ఎంత వేడెక్కుతుందో చెప్పదండీ. కొలిమిలో ఇనుము కాలేకొద్దీ ఎరుపు నుంచి పసుపుకు, పసుపు నుంచి తెలుపుకు తిరుగుతుంది కదా, అలా ఎంత వేడిమి వద్ద ఆ రంగు వెలుగు వస్తుందో అది చెబుతుంది. నిప్పు రంగు మనకు వెచ్చగా తోస్తుంది కనుక తక్కువ అంకెకే వార్మ్ అన్న పేరు నిలిచింది. ఇక కళ్ల సంగతి: ఇంచుమించు 2700 కెల్విన్ వెలుగిచ్చే పాత ఫిలమెంటు బల్బుల కిందే మన పెద్దలు చదువుకున్నారు. కృష్ణాతీరం గారూ, రెండు డబ్బాల మీద ల్యూమెన్లు ఎన్ని? బల్లకు బల్బు ఎటువైపు ఉంది?

దర్జీకొట్టు: మా కొట్టులో పసుపు బల్బు కింద ముదురు నీలం దారం, నల్ల దారం ఒకేలా కనిపించి ఒక జాకెట్టు పాడైంది. అందుకే తెలుపే మంచిదని నా అనుభవం.

కృష్ణాతీరం: పాతది 12 వాట్లు, 1200 ల్యూమెన్లు. కొత్తది 5 వాట్లు, 500 ల్యూమెన్లు. బల్బు పైకప్పు మధ్యలో, బల్ల గోడకు ఆనించి ఉంది. రంగు గురించే అడుగుతున్నాను కదా అని ఇవి రాయలేదు.

కొలిమి: కారణం అక్కడే ఉంది. వెలుగు సగానికన్నా తగ్గింది, పైగా బల్బు వెనక ఉండటంతో అబ్బాయి తల నీడ పుస్తకం మీదే పడుతోంది. పేజీ పైన చెయ్యి పెట్టి చూడండి, నీడ ముదురుగా తనకు ఎదురుగా పడితే సందేహం అక్కరలేదు. పైకప్పు బల్బును అలాగే ఉంచి, కుడిచేతితో రాసేవాడైతే ఎడమవైపు 4000 కెల్విన్ బల్ల దీపం పెట్టండి. రెండు మీటర్ల పైనున్న బల్బును అర మీటరుకు దించితే, సూటిగా కింద ఉన్న పేజీ మీద అదే బల్బు పదహారు రెట్లు వెలుగు ఇస్తుంది, కాబట్టి 5 వాట్లు చాలు. 6500 వెలుగులో నీలం పాలు ఎక్కువ కనుక రాత్రి అది నిద్రను వెనక్కి నెడుతుంది, అయితే మరీ ప్రకాశంగా ఉంటే పసుపు వెలుగూ కొంత అదే పని చేస్తుంది. అందుకని పడుకోవడానికి గంట ముందు బల్ల దీపం ఆర్పేయండి.

నల్లరేగడి: ఒకే గదిలో రెండు రంగులుంటే కంటికి చికాకు.

కొలిమి: కొందరికి ఉంటుంది. అలాంటప్పుడు బల్ల దీపం కూడా 3000దే తీసుకోవచ్చు.

నల్లరేగడి: చదువుకు 3000 చాలదనే ఇప్పటికీ అంటాను.

కృష్ణాతీరం: నీడ మీరు చెప్పినట్టే పడుతోంది. రేపు బల్ల దీపం తెస్తాను. ధన్యవాదాలు.