'ఇజాజా షహర్ వాహిద్' అన్నాను, బాబా జనవరి అనుకున్నాడు: మేనకోడలి పెళ్లికి సెలవు ఎలా అడగాలి?

సాల్మియా_డ్రైవర్
అన్నలూ, అక్కలూ, నమస్తే. కువైట్‌లో హౌస్ డ్రైవర్‌ని, ఇంటి పనివాళ్లకిచ్చే ఇరవై నంబర్ వీసా. మా అక్క కూతురి పెళ్లి నవంబర్ 22న. మేనమామని నేనొక్కడినే, పెళ్లికూతుర్ని మండపానికి నేనే తీసుకురావాలి. పోయిన వారం కారు దిగుతుంటే బాబాతో, అంటే మా ఇంటి యజమానితో, "బాబా, అబీ ఇజాజా షహర్ వాహిద్, జవాజ్" అన్నాను, పెళ్లికి ఒక నెల సెలవు కావాలని. నవ్వి "ఇన్షా అల్లా, మబ్రూక్" అన్నాడు. పని అయిపోయింది అనుకున్నా. నిన్న మామా, అంటే ఇంటావిడ, "నువ్వు జనవరిలో వెళ్తున్నావట, పిల్ల ఎవరు?" అని అడిగింది. నాకు పెళ్లట! నాకు ఇద్దరు పిల్లలున్నారు. ఇప్పుడు మళ్లీ ఎలా అడగాలి? చిన్నగా, మర్యాదగా ఉండాలి. నాకు అరబీ మాట్లాడటం వచ్చు, రాయడం రాదు.

పాతకువైటీ
తప్పు నీది కాదు తమ్ముడూ, భాషది. ఇక్కడ నెలల్ని అంకెలతో చెబుతారు కదా. షహర్ వాహిద్ అంటే 'ఒక నెల' అనీ వస్తుంది, 'ఒకటో నెల', అంటే జనవరి అనీ వస్తుంది. ఆ చుట్టుపక్కలే బడికి అర్ధ సంవత్సరం సెలవులు, పిల్లల్ని దించే పని ఉండదు. అందుకే అంత తేలిగ్గా ఒప్పేసుకున్నాడు. ఇంకోటి, 'జవాజ్' అని ఒక్క మాట వదిలేస్తే వినేవాడు నీ పెళ్లే అనుకుంటాడు.

నెల అనకుండా రోజులు చెప్పు: 'తలాతీన్ యోమ్'. తేదీలు నోటితో చెప్పొద్దు, కాగితం మీద అంకెల్లో రాసి చూపించు: 10/11 నుంచి 9/12. మనలాగే ముందు తేదీ, తర్వాత నెల. అది కచ్చితంగా ముప్ఫై రోజులు.

జగిత్యాల_శీను
నేను సౌదీలో పన్నెండేళ్లు. నువ్వు ముందు ఎగ్జిట్ రీఎంట్రీ అడుగు. రెండు నెలల లోపు అయితే రెండొందల రియాల్, అది ఎవరు కడతారో ముందే తేల్చుకో. మా రూంలో ఒకాయన చెల్లి పెళ్లని వీసా ఇచ్చిన కఫీల్‌తో "అబ్గా ఖురూజ్", అంటే వెళ్లిపోవాలి, అని మాత్రం అన్నాడు. ఆ ముసలాయన 'ఇక పని మానేసి పోతాడేమో' అనుకుని ఫైనల్ ఎగ్జిట్ కొట్టించబోయాడు. 'ఖురూజ్ వ ఔదా' అని పూర్తిగా అనాలి. 'ఔదా' మింగేస్తే ఉద్యోగమే పోతుంది.

పాతకువైటీ
శీనన్నా, అది సౌదీ లెక్క. ఇతనిది కువైట్, ఇంటి వీసా. ఇక్కడ ఆ రీఎంట్రీ వీసా ఉండదు. కంపెనీ వీసా వాళ్లకి 2025 జూలై నుంచి ఎగ్జిట్ పర్మిట్ పెట్టారు, అది వేరే సంగతి. మీరన్న చివరి ముక్క మాత్రం బంగారం: తిరిగి వస్తానని నోటితో చెప్పాలి. ఇంటి పనివాళ్లు సెలవని వెళ్లి రాకుండా పోవడం చాలా ఇళ్లు చూశాయి, వాళ్ల భయం అక్కడే.

హక్కులబాబు
ఇంత బతిమాలడం దేనికండీ? 2015 ఇంటి పనివాళ్ల చట్టంలో ఏడాదికి జీతంతో కూడిన సెలవు ఉంది. టైపింగ్ సెంటర్‌లో రెండు పేజీల అరబీ లెటర్ కొట్టించి చేతిలో పెట్టండి. ఇవ్వకపోతే కంప్లైంట్.

రేణుక_జహ్రా
సెలవు ఉన్న మాట నిజమే. కానీ ఏ నెలలో అనేది ఇంటివాళ్లతో మాట్లాడుకోవాల్సిందే. రెండు పేజీల లెటర్ చూస్తే 'వీడికి వెనకాల ఎవరో ఉన్నారు' అనుకుంటారు. నేను వంటింట్లో ఎనిమిదేళ్లు. మా తమ్ముడి పెళ్లికి నేను చేసింది ఇదీ: శుభలేఖ ఫొటో ప్రింటు తీయించి, మా అమ్మ పేరు కింద నా పేరున్న చోట ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీశాను. తేదీ పక్కన అంకెలు మళ్లీ పెద్దగా రాశాను. అంతా తెలుగే, మామాకి ఒక్క అక్షరం అర్థం కాదు. అయినా ఆ ఎర్ర గుండ్రం చూసి "ఇది నువ్వా?" అంది. అంతే, మాట మెత్తబడింది.

ఇంకో సంగతి. బాబా ఒప్పుకున్నా, పిల్లల బడి లెక్క చూసేది మామా. ఆవిడకీ చెప్పు. దయచేసి అనేటప్పుడు ఆవిడతో 'లో సమహ్త్' కాదు, 'లో సమహ్తీ'.

సాల్మియా_డ్రైవర్
అక్కా, శుభలేఖ ఇంకా అచ్చు వేయలేదు. నాకింకో టెన్షన్. పోయినేడాది పెద్దనాన్న కూతురి పెళ్లికి వారం వెళ్లొచ్చాను, అప్పుడు 'ఉఖ్తీ' అని చెప్పాను. ఇప్పుడు మళ్లీ 'ఉఖ్తీ' అంటే, నీకు ఎంతమంది అక్కలు అంటాడు.

పాతకువైటీ
అనే అంటాడు. మనకి పెద్దనాన్న కూతురంటే అక్కే. వాళ్లకి 'బింత్ అమ్మీ', పెళ్లి చేసుకోదగ్గ వరస. ఉఖ్తీ అంటే ఒకే తల్లి బిడ్డ అనుకుంటారు. తర్వాత తెలిస్తే అబద్ధం ఆడావనుకుంటారు. అడిగితే నిజం చెప్పు: "హదీక్ బింత్ అమ్మీ, హాది ఉఖ్తీ."

ఈ పెళ్లిలో నీ బలమంతా 'మేనమామ' అన్న మాటలోనే ఉంది. వాళ్లకీ ఆ మాట ఉంది: ఖాల్. 'అల్ ఖాల్ వాలిద్' అని వాళ్ల సామెతే, మేనమామ తండ్రితో సమానం అని. నువ్వు సామెత చెప్పక్కర్లేదు, అతిగా ఉంటుంది. 'అనా ఖాల్‌హా' అంటే చాలు, మిగతాది ఆయనకే తడుతుంది.

రాయడం రాదంటున్నావు కాబట్టి వాట్సాప్‌లో వాయిస్ పంపు, ఇరవై సెకన్లు దాటొద్దు. అక్క కూతురి పెళ్లి, నేను మేనమామని, తప్పక ఉండాలి, ముప్ఫై రోజుల సెలవు కావాలి, తిరిగి వస్తాను, అంతే:

"అస్సలాము అలైకుమ్ బాబా. జవాజ్ బింత్ ఉఖ్తీ, అనా ఖాల్‌హా, లాజిమ్ అకూన్ మౌజూద్. అబీ ఇజాజా తలాతీన్ యోమ్, లో సమహ్త్. వ అర్జా, ఇన్షా అల్లా. శుక్రన్."

దాని కిందే తేదీల కాగితం ఫొటో. పంపేది శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక. పొద్దున బడి హడావిడిలో వద్దు.

హక్కులబాబు
ముప్ఫై కావాలంటే నలభై అయిదు అడగాలి. వాళ్లు ఎలాగూ కోస్తారు.

రేణుక_జహ్రా
బేరం కూరగాయల దగ్గర. నలభై అయిదు వింటే వేరే డ్రైవర్‌ని వెతుకుతారు.

కొత్తగావచ్చా
నెల రోజులు మా ఫ్రెండ్ ఒకడు మీ బదులు నడుపుతాడని చెప్పొచ్చు కదా అన్నా? ఖాళీగానే ఉన్నాడు.

పాతకువైటీ
వద్దు. వాడి వీసా ఒకరిది, నడిపేది ఇంకొకరి కారు. చెకింగ్‌లో దొరికితే వాడూ పోతాడు, నీ బాబాకీ కేసు. ఎవరు నడపాలో ఆయన్నే చూసుకోనీ.

ఇంకొక్కటి. 'ఇన్షా అల్లా' అన్నంత మాత్రాన టికెట్ కొనకు. రెండు రోజులాగి "బాబా, అహ్‌జిజ్ తద్కరా?" అని అడుగు. 'ఏ, ఇహ్‌జిజ్' అంటే అది ఒప్పుకోలు. 'బఅదీన్' అంటే ఇంకా కాలేదని.

సాల్మియా_డ్రైవర్
శుక్రవారం పంపాను. మూడుసార్లు రికార్డ్ చేశా, రెండుసార్లు గొంతు వణికింది. సాయంత్రం బాబా నుంచి నాలుగు సెకన్ల వాయిస్: "ఇంత ఖాల్‌హా? మబ్రూక్." నువ్వు మేనమామవా, శుభాకాంక్షలు అని. కాసేపటికి ఇంకోటి: "బస్ ఇష్రీన్ యోమ్." ఇరవై రోజులే. బడి ఉంది కదా అంది మామా.

పెళ్లి 22న, పదహారు రోజుల పండుగ డిసెంబర్ 7న. ఇరవై రోజులంటే 18న బయల్దేరినా ఆ రోజే తిరిగి రావాలి. పెళ్లికి అందుతాను, పండుగ పోతుంది. అలా ఒప్పేసుకోవాలా, లేక ఇంకో నాలుగు రోజులు అడగొచ్చా?

రేణుక_జహ్రా
నేనైతే ఇరవైకి ఒప్పుకుంటా.

జగిత్యాల_శీను
నేనైతే అడుగుతా. ఆ నాలుగు రోజులకి జీతం వద్దని చెప్పు.