యీల్డ్ ఎక్కితే నాస్‌డాక్ దిగాల్సిందేనా? 2022 చూస్తే ఒకలా, 2023 చూస్తే ఇంకోలా ఉంది

వరంగల్ కుర్రాడు: ట్రేడింగ్‌వ్యూలో అమెరికా పదేళ్ల ప్రభుత్వ బాండ్ యీల్డ్, అంటే US10Y, మీద నాస్‌డాక్ గీత వేసి చూశాను. 2022లో ఒకటి ఎక్కితే ఇంకోటి దిగింది. 2023లో రెండూ ఎక్కాయి. యీల్డ్ పెరిగితే గ్రోత్ షేర్లు అమ్మేయాలన్న మాట నిజమా, ఉత్తదా?

బెజవాడ సుబ్బు: నిజమే తమ్ముడూ. 2022 మొదట్లో పదేళ్ల యీల్డ్ 1.5 దగ్గరుంది, అక్టోబరుకల్లా 4 దాటింది. నాస్‌డాక్ కాంపోజిట్ ఆ ఏడాదిలో 33 శాతం పోయింది. ప్రభుత్వమే కూర్చోబెట్టి 4 శాతం ఇస్తుంటే రిస్క్ తీసుకునేదెవరు? 2023 ఏదో తేడా ఏడాది, దాన్ని వదిలెయ్.

రిటైర్డ్ మాస్టారు: నా గోడు కూడా వినండి. యీల్డ్ చార్ట్ నిటారుగా లేస్తుంటే బాండ్లకు మంచి గిరాకీ ఉందనుకుని 2022లో ప్రభుత్వ బాండ్లు కొనే ఒక గిల్ట్ ఫండ్‌లో డబ్బు పెట్టాను. చార్ట్ ఎక్కుతోంది, నా ఎన్‌ఏవీ దిగుతోంది! ఏజెంటుని అడిగితే ‘ఓపిక పట్టండి సార్’ అన్నాడు.

డాలస్ పద్మ: మాస్టారూ, అది ధర చార్ట్ కాదండీ, రాబడి చార్ట్. పాత బాండ్ మీద వచ్చే వడ్డీ మారదు. కొత్తవి ఎక్కువ ఇస్తుంటే పాతదాన్ని ధర తగ్గిస్తేనే కొంటారు. ఆ గీత లేచిందంటే మీ ఫండ్‌లో ఉన్న బాండ్ల ధర పడినట్టే.

సుబ్బు గారూ, జనం షేర్లు వదిలి బాండ్లకు పోతారన్న లెక్క సగమే. అంతే అయితే 2022లో చమురు కంపెనీల షేర్లూ పడాలి, అవి బాగా పెరిగాయి కదా. అసలు సంగతి డబ్బు ఎప్పుడు చేతికొస్తుందన్నది. ఒక కంపెనీ మూడేళ్లకు 100 ఇస్తుంది, ఇంకోటి ఇరవై ఏళ్లకు 100 ఇస్తుంది అనుకోండి. ఏడాదికి 7 శాతం చొప్పున వెనక్కి లెక్కేస్తే మొదటిది ఇవాళ సుమారు 82, రెండోది 26. అదే 9 శాతం చేస్తే 77, 18. మొదటిదానికి ఐదారు శాతం దెబ్బ, గ్రోత్ షేర్ లాంటి రెండోదానికి 31 శాతం. ఇంతలో కంపెనీలో మారిందేమీ లేదు. మాస్టారి ఫండ్‌ని తిన్న లెక్కా ఇదే.

కుర్రాడా, నీ స్క్రీన్ మీద 2022 యీల్డ్ గీత 150 శాతం పైన చూపిస్తోందా?

వరంగల్ కుర్రాడు: అవునక్కా, 157. నాస్‌డాక్ మైనస్ 33.

డాలస్ పద్మ: అదే తిరకాసు. రెండో గీత వెయ్యగానే కుడి స్కేలు శాతాల్లోకి మారుతుంది. యీల్డ్‌కి అది పనికిరాదు. 0.5 నుంచి 1కి పోతే వంద శాతం అంటుంది, 4 నుంచి 4.5కి పోతే పన్నెండున్నర అంటుంది. జరిగింది రెండుసార్లూ అర పాయింటే. యీల్డ్‌కి వేరే స్కేలు పెట్టి, పాయింట్లలో చదువు. తర్వాత 2023ని మళ్లీ చూడు.

వరంగల్ కుర్రాడు: పెట్టాను. అరె, ఏడాది మొదలైంది 3.88 దగ్గర, ముగిసిందీ 3.88 దగ్గరే! మధ్యలో అక్టోబరులో 5ని తాకి వచ్చింది. నేను ఆ శిఖరం దాకా చూసి ‘ఎక్కింది’ అనేశాను.

డాలస్ పద్మ: ఆ శిఖరానికి ఎక్కుతున్న ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరుల్లో నాస్‌డాక్ పదిశాతం పైగా దిగింది. నవంబరు, డిసెంబరుల్లో యీల్డ్ జారగానే లేచింది. సుబ్బు గారు తేడా ఏడాది అని పక్కన పడేసిన దాంట్లోనే ఆయన మాటకు బలం ఉంది!

బెజవాడ సుబ్బు: సంతోషం. కానీ మేడమ్, మే నుంచి జులై దాకా యీల్డ్ 3.3 చిల్లర నుంచి 4కి లేచింది, నాస్‌డాక్ కూడా లేచింది. దానికేమంటారు?

డాలస్ పద్మ: మేలో ఎన్విడియా వచ్చే త్రైమాసికానికి చెప్పిన అమ్మకాల అంచనా ఎవరూ ఊహించనంత పెద్దది. వెనక్కి లెక్కేసే రేటు పెరిగినా, రాబోయే 100 కాస్తా 150 అవుతుందని నమ్మితే ధర పెరుగుతుంది. ఇంకోటి, పెద్ద టెక్ కంపెనీలకు ఇప్పుడే లాభాలున్నాయి, ఖజానాలో నగదు ఉంది, వడ్డీ పెరిగితే దాని మీద ఆదాయమూ పెరుగుతుంది. అవి ‘ఇరవై ఏళ్ల తర్వాత 100’ రకం కాదు.

బెజవాడ సుబ్బు: అయితే 2022లో అవే కంపెనీలు ఎందుకు పడ్డాయి? నగదు అప్పుడూ ఉందిగా.

డాలస్ పద్మ: అప్పుడు ద్రవ్యోల్బణం తీసేశాక మిగిలే యీల్డ్, అమెరికా ఫెడ్ డేటా సైటు FREDలో DFII10, మైనస్ 1 నుంచి పది నెలల్లో ప్లస్ ఒకటిన్నర దాటింది. ఆ వేగమే కారణమని నా అనుమానం. కానీ 2023లోనూ అది పెరిగిందిలెండి, కాబట్టి మీ ప్రశ్నకు ఇది పూర్తి జవాబు కాదు.

రిటైర్డ్ మాస్టారు: ఇంతకీ నా గిల్ట్ ఫండ్ ఉంచుకోవాలా, అమ్మాలా?