దుబాయ్‌లో జీతం, ఊళ్లో ఖర్చు: మిగిలిన డబ్బు ఏ కరెన్సీలో పెట్టాలి?

దుబాయ్‌కొత్త: నెలకు 60,000 రూపాయలు ఇంటికి పంపాలి, అందులోనే హోమ్‌లోన్ ఈఎమ్ఐ కూడా ఉంది. మిగిలింది రేటు పెరిగేదాకా ఇక్కడే ఉంచనా, రూపాయల్లోకి మార్చి ఎన్నారైల ఎన్ఆర్ఈ ఖాతాలో డిపాజిట్ చేయనా?

గల్ఫ్‌బాబాయ్: రూపాయి ఎప్పుడూ పడేదే. ఒక్క దిర్హం కూడా ముందే పంపకు తమ్ముడూ.

లెక్కలమాస్టారు: బాబాయ్ గారిది సగం నిజం. ఏళ్ల తరబడి చూస్తే పడింది, కానీ 2007లో డాలరు దాదాపు 44 నుంచి 40 లోపుకు దిగింది. ఆ ఏడాది రేటు కోసం ఆగినవాళ్లకు ఈఎమ్ఐ ఆగలేదు కదా. అందుకే ఆరు నెలల ఇంటి ఖర్చు రూపాయల్లో, ఎన్ఆర్ఈ సేవింగ్స్‌లో ఉంచండి. ఆపైన నెలనెలా పంపుతుంటే రేటు సగటు మీద పడుతుంది.

మిగిలినదానికి లెక్క ఇలా వేసుకోండి. అంకెలు ఉదాహరణకే. 10,000 డాలర్లు 85 చొప్పున మారిస్తే 8,50,000. ఎన్ఆర్ఈలో 6.5 శాతానికి ఏడాదికి 9,05,250 అవుతుంది. అదే రూపాయల్లోకి మార్చకుండా డాలర్లలోనే ఉంచే ఎఫ్‌సీఎన్ఆర్ డిపాజిట్‌లో 4 శాతానికి 10,400 డాలర్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే దాదాపు 87.04. ఏడాది చివర డాలరు ఇంతకన్నా పైనుంటే ఎఫ్‌సీఎన్ఆర్ గెలిచినట్టు, కిందుంటే ఎన్ఆర్ఈ. వడ్డీ ఎక్కువ కనబడిందని ఎన్ఆర్ఈకి పరిగెత్తేవాళ్లు ఈ భాగహారమే వేయరు. ఎలాగూ రూపాయల్లోనే ఖర్చయ్యే డబ్బయితే మాత్రం ఎన్ఆర్ఈలో రేటు భయం ఉండదు.

న్యూజెర్సీఅక్క: ఎన్ఆర్ఈ వడ్డీకి టాక్స్ లేదనుకోకండి. మేం ఇక్కడ రిటర్న్‌లో చూపించాల్సిందే.

లెక్కలమాస్టారు: అది అమెరికాలో ఉన్నవాళ్లకి, అక్కా. ఆయన ఉన్నది దుబాయ్. రేపు అమెరికా మారితే గుర్తుంచుకోవాలి.

దుబాయ్‌కొత్త: ఎఫ్‌సీఎన్ఆర్ డాలర్లలోనే కదా, నాది దిర్హం. మళ్లీ అక్కడో రిస్కు ఉండదా?

లెక్కలమాస్టారు: దిర్హం డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంది, కాబట్టి ఆ రిస్కు చిన్నది. మార్చేటప్పుడు బ్యాంకు కోసుకునేదే చూడాలి: బోర్డు మీద రేటు కాదు, చేతికి ఎన్ని డాలర్లొస్తాయో అడగండి. ఇంకోటి, ఏడాది లోపు విరగ్గొడితే ఎన్ఆర్ఈ ఎఫ్‌డీకైనా ఎఫ్‌సీఎన్ఆర్‌కైనా వడ్డీ సున్నా. ఒకటే పెద్ద డిపాజిట్ కాకుండా నాలుగు ముక్కలు చేయండి, అవసరానికి ఒకటే విరుగుతుంది. పాత మామూలు సేవింగ్స్ ఖాతాకు మాత్రం పంపకండి. దాన్ని ఎన్ఆర్ఓగా, అంటే ఇండియాలో వచ్చే ఆదాయం కోసం ఎన్నారైలు ఉంచుకునే ఖాతాగా మార్పించాలి. అందులో వడ్డీకి టీడీఎస్ పడుతుంది, తిరిగి బయటికి తీయాలంటే కాగితాల పని.

గల్ఫ్‌బాబాయ్: సరే, ఆ హోమ్‌లోన్‌నే ముందు తీర్చేయొచ్చుగా?

లెక్కలమాస్టారు: లోన్ వడ్డీ 9 శాతమైతే తీర్చడం ఖాయమైన 9 శాతమే. కాకపోతే రూపాయి పడితే ఆ బాకీ దిర్హంలో దానంతటదే తగ్గుతుంది. నేనైతే సగం తీరుస్తాను.

గల్ఫ్‌బాబాయ్: నేనైతే ఒక్క రూపాయి కూడా ముందు కట్టను.