పింఛనులో మూడో వంతు అమ్ముకోవాలా? అనుభవం ఉన్నవారు చెప్పండి

నేను కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని. వచ్చే నెలలో 60 ఏళ్లకు పదవీ విరమణ. మూల పింఛను 36,000 రూపాయలు. నిబంధన ప్రకారం 40 శాతం దాకా కమ్యూట్ చేసి, ఆ వాటాకు బదులు ఒకేసారి సొమ్ము తీసుకోవచ్చు గానీ, నేను మూడో వంతుతో ఆగాలనుకుంటున్నాను.

అంటే నెలకు 12,000 వదులుకోవాలి. వచ్చే పుట్టినరోజుకు 61 నిండుతాయి కాబట్టి గుణకం 8.194. 12,000ను 12తో, ఆపై 8.194తో హెచ్చిస్తే 11,79,936 రూపాయలు, పన్ను లేకుండా చేతికొస్తాయి. నెలకు మిగిలేది 24,000. కరవు భృతి మాత్రం పూర్తి 36,000 మీదే లెక్కిస్తారు, అదొక ఊరట.

నా తకరారు ఇక్కడే. కోత 15 ఏళ్లు సాగితే 21,60,000 వదులుకున్నట్టు. లెక్క వేస్తే దాదాపు 9 శాతం వడ్డీకి అప్పు తెచ్చుకున్నట్టే ఉంది. నేను ముందే పోతే బాకీని కుటుంబ పింఛనులో కోయరు, నిజమే. కానీ ఆ లాభం చూసుకోవడానికి నేనుండనుగా! నాకున్న ఇంటి అప్పు వడ్డీ 8.5 శాతమే. దాన్ని తీర్చడానికి ఈ డబ్బు తీసుకోవడం తెలివైన పనేనా?

ఇంకొకటి. 15 ఏళ్లు నిండాక పూర్తి పింఛను బ్యాంకు తనంతట తానే పునరుద్ధరించిందా, మీరు దరఖాస్తు పెట్టాల్సి వచ్చిందా? కోత మొదలైన తేదీకి ఏ కాగితం దాచుకున్నారు?